ఫారం 20లో ఓట్ల లెక్క ఎందుకు కుదరడం లేదు, ఎలా సరిచూడాలి

ప్రశ్న: మా అసెంబ్లీ నియోజకవర్గం ఫలితాల షీట్ (ఫారం 20) సరిచూస్తున్నాను. అభ్యర్థుల ఓట్లు 1,68,367, చెల్లనివి 212 కలిపితే 1,68,579 వస్తోంది. షీట్లో మాత్రం మొత్తం పోలైన ఓట్లు 1,70,439 అని ఉంది. ఓటర్లు 2,10,892 మంది (సాధారణ 2,10,480, సర్వీసు 412). ఆ లెక్కన పోలింగ్ 80.82 శాతం కావాలి, పోలింగ్ అయ్యాక ప్రకటించింది 79.60. పైగా బూత్‌లన్నీ ఎక్సెల్‌లో ఎక్కిస్తే రెండో అభ్యర్థికి ఈవీఎం ఓట్లు 74,695 వస్తున్నాయి, షీట్లో 74,965 ఉంది. ఇందులో ఏది తప్పు?

జవాబు:

మీరు చెప్పిన మూడు తేడాల్లో మొదటి రెండూ తప్పులు కావు. మూడోది మాత్రం తప్పే. అయితే అది షీట్లో కాకుండా మీ ఎక్సెల్‌లో ఉండే అవకాశమే ఎక్కువ. ఒక్కొక్కటీ చూద్దాం.

మొదటి తేడా 1,70,439 లోంచి 1,68,579 తీసేస్తే 1,860. షీట్లో నోటా గడి చూడండి, అక్కడ ఇదే అంకె ఉంటుంది. 2013లో సుప్రీంకోర్టు తీర్పుతో నోటా వచ్చింది. ఫారం 20లో దాన్ని చెల్లిన ఓట్లలోనూ కలపరు, చెల్లని ఓట్లలోనూ కలపరు. దానికి విడిగా ఒక గడి ఉంటుంది. బూత్ నంబరు తర్వాత అభ్యర్థుల గడులు, వాటి పక్కన చెల్లిన ఓట్ల మొత్తం, తర్వాత చెల్లనివి, నోటా, మొత్తం, చివర టెండర్ ఓట్లు ఉంటాయి. కాబట్టి పోలైన ఓట్లంటే చెల్లినవి, చెల్లనివి, నోటా మూడూ కలిపినవి. "చెల్లినవి + చెల్లనివి = పోలైనవి" అన్నది నోటా రాకముందు నాటి లెక్క. ఇప్పుడు ఆ సూత్రం పెడితే ప్రతి షీట్లోనూ నోటా అంత తేడా వస్తుంది.

చివరన ఉన్న టెండర్ ఓట్లను మాత్రం ఈ లెక్కలోకి తేకండి. తన పేరు మీద అప్పటికే ఎవరో ఓటేసి వెళ్లారని తేలినప్పుడు, అసలు ఓటరుకు కాగితం బ్యాలెట్ ఇచ్చి, ఆ ఓటును కవర్లో పెట్టి పక్కన ఉంచుతారు. ముందు పడ్డ ఓటు ఈవీఎంలో ఎలాగూ ఉంది. టెండర్ ఓటును కూడా కలిపితే ఒకే పేరుకు రెండు ఓట్లు లెక్కేసినట్టు అవుతుంది.

మీరిచ్చిన అంకెలకు సరిపోయే షీట్ ఇలా ఉంటుంది. మీ దగ్గరున్న కాపీలో ఈవీఎం, పోస్టల్ వరుసలు విడివిడిగా ఉంటాయి కాబట్టి పోల్చుకోవడం సులువే.

| వివరం | ఈవీఎం | పోస్టల్ | మొత్తం |
|---|---|---|---|
| అభ్యర్థి 1 | 78,412 | 1,126 | 79,538 |
| అభ్యర్థి 2 | 74,965 | 1,390 | 76,355 |
| అభ్యర్థి 3 | 9,308 | 118 | 9,426 |
| అభ్యర్థి 4 | 2,147 | 31 | 2,178 |
| అభ్యర్థి 5 | 861 | 9 | 870 |
| చెల్లినవి | 1,65,693 | 2,674 | 1,68,367 |
| చెల్లనివి | 0 | 212 | 212 |
| నోటా | 1,846 | 14 | 1,860 |
| పోలైనవి | 1,67,539 | 2,900 | 1,70,439 |

చెల్లని 212 ఓట్లూ పోస్టల్ వైపే ఉన్నాయి చూడండి. అలా ఉండటమే సహజం. ఈవీఎంలో బటన్ నొక్కితే ఓటు ఎవరికో ఒకరికి, లేదా నోటాకు పడి తీరుతుంది. రెండు గుర్తుల మీద ముద్ర వేయడం, ఖాళీగా వదిలేయడం అక్కడ కుదరవు. కాగితం మీద ఇవన్నీ కుదురుతాయి. పోస్టల్‌లో ఇంకో రకం కూడా ఉంది. కవర్‌తో పాటు పంపాల్సిన ఫారం 13ఎ ధ్రువీకరణ లేకపోయినా, దాని మీద సంతకం, అధికారి ధ్రువీకరణ సరిగా లేకపోయినా, లోపలి కవర్ విప్పకుండానే ఆ ఓటును తిరస్కరిస్తారు. అవి కూడా 212లోకే వస్తాయి. కౌంటింగ్‌కు పెట్టిన సమయం దాటాక వచ్చిన కవర్లను మాత్రం అసలు విప్పరు. అవి 2,900లో ఉండవు. ఎన్ని పోస్టల్ బ్యాలెట్లు పంపారో ఆ అంకెతో ఫారం 20ని పోల్చి "ఇన్ని ఓట్లు ఎక్కడికి పోయాయి" అనుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. పంపినవన్నీ తిరిగి రావు, వచ్చినవన్నీ వేళకు రావు.

దీంట్లోంచే ఒక మంచి పరీక్ష దొరుకుతుంది. బూత్‌ల వరుసల్లో చెల్లని ఓట్ల గడి కిందకి చూసుకుంటూ పొండి. దాదాపు అన్నిచోట్లా సున్నాలే ఉండాలి. ప్రతి బూత్‌లోనూ ఆరు, తొమ్మిది, పన్నెండు అని అంకెలు కనిపించి, నోటా గడిలో సున్నాలుంటే, టైపు చేసినవాళ్లు నోటాను పక్క గడిలో వేశారన్నమాట. ఈ పొరపాటును కూడిక ఎప్పటికీ పట్టుకోలేదు, ఎందుకంటే మొత్తం మారదు. కళ్లతో చూడాల్సిందే.

ఇక పోలింగ్ శాతం. పోలింగ్ ముగిశాక ప్రకటించే శాతం పోలింగ్ కేంద్రాల్లో ఈవీఎంలలో పడ్డ ఓట్లది. పోస్టల్ ఓట్లు అందులో ఉండవు, అప్పటికి వాటి లెక్క తేలదు కూడా. 1,67,539ని 2,10,480తో భాగించండి. 79.60 వస్తుంది. ఫారం 20లోని మొత్తాన్ని, అంటే 1,70,439ని, సర్వీసు ఓటర్లతో కలిపిన 2,10,892తో భాగిస్తే 80.82. రెండూ సరైనవే, వేర్వేరు ప్రశ్నలకు జవాబులు.

తప్పు ఎక్కడ జరుగుతుందంటే ఒకదాని పైఅంకెను ఇంకోదాని కిందిఅంకెతో కలిపినప్పుడు. పోస్టల్‌తో కలిపిన 1,70,439ని సాధారణ ఓటర్ల 2,10,480తో భాగిస్తే 80.98 వస్తుంది. సర్వీసు ఓటర్ల ఓట్లు పైన ఉన్నాయి, వాళ్ల పేర్లు కింద లేవు. చెల్లిన ఓట్లను మాత్రమే 2,10,892తో భాగిస్తే 79.84 వస్తుంది, అది పోలింగ్ శాతమే కాదు. మీకు ఎక్కడైనా ఈ నాలుగింటిలో ఒకటి కనిపిస్తే, ఏ రెండు అంకెలతో వచ్చిందో వెనక్కి లెక్కేసి పట్టుకోవచ్చు. అందుకే శాతం చెప్పే ప్రతిచోటా పక్కనే "ఈవీఎం మాత్రమే" అనో "పోస్టల్‌తో కలిపి" అనో రాసుకోవడం మంచిది.

శాతాన్ని నమ్ముకుని మొత్తం ఓట్లను సరిచూడాలనుకునేవారికి ఒక హద్దు ఉంది. 80.82 అంటే అసలు విలువ 80.815కి, 80.825కి మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. 2,10,892 మంది ఓటర్లున్నచోట అది 1,70,433 నుంచి 1,70,453 దాకా ఏ సంఖ్యకైనా సరిపోతుంది. అంటే ఇరవై ఓట్ల వరకు తేడా ఉన్నా శాతం కుదిరినట్టే కనిపిస్తుంది. ఒక్క దశాంశమే, 80.8 అని ఇస్తే ఈ సందు దాదాపు 210 ఓట్లకు పెరుగుతుంది. శాతం కుదరకపోతే తప్పుందని చెప్పొచ్చు, కుదిరినంత మాత్రాన తప్పు లేదని చెప్పలేం. ఓటు ఓటుకూ సరిచూడాలంటే కూడికలే దిక్కు.

ఇప్పుడు మూడో తేడా, 74,965కి 74,695కి మధ్య. 270. ఈ అంకె చూడగానే మొదట చేయాల్సింది తొమ్మిదితో భాగించడం. 270 తొమ్మిదితో నిశ్శేషంగా భాగింపబడుతుంది. పక్కపక్క అంకెలు తారుమారైతే వచ్చే తేడా ఎప్పుడూ తొమ్మిది గుణిజమే. అందులోనూ ఇక్కడ 90 మూడు సార్లు. అంటే ఏదో ఒక బూత్‌లో వందల స్థానంలో ఉన్న అంకె, పదుల స్థానంలో ఉన్న అంకె చోటు మారాయి, ఆ రెండు అంకెల మధ్య తేడా మూడు. 416 బదులు 146, 528 బదులు 258 లాంటిది. తొమ్మిదితో భాగింపబడిన ప్రతి తేడా తారుమారు వల్లే వచ్చిందని గ్యారంటీ లేదు, కానీ వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలో ఇది చెబుతుంది. తేడా సరిగ్గా 100 లేదా 1,000 వస్తే ఒక్క అంకె తప్పుగా చదివారని (స్కాన్ కాపీల్లో 3, 8 ఒకేలా ఉంటాయి, అప్పుడు తేడా 5, 50, 500 వస్తుంది), తేడా ఒక బూత్‌లో ఆ అభ్యర్థికి వచ్చిన ఓట్లకు సమానమైతే ఆ వరుసే ఎగిరిపోయిందని అనుకోవాలి.

బూత్ ఏదో పట్టుకోవడానికి నిలువు కూడిక చాలదు, అడ్డ కూడిక కావాలి. మీ ఎక్సెల్‌లో A గడిలో బూత్ నంబరు, B నుంచి F దాకా అభ్యర్థులు, G చెల్లినవి, H చెల్లనివి, I నోటా, J మొత్తం అనుకుందాం. ముఖ్యమైన సంగతి, G, J గడుల్లో సూత్రాలు పెట్టకండి. షీట్లో అచ్చయిన అంకెలే ఎక్కించండి. మీరే కూడితే మీ తప్పు మీ మొత్తంలోకి కూడా వెళ్లి దాక్కుంటుంది. పక్కన రెండు ఖాళీ గడుల్లో ఇవి పెట్టి కిందిదాకా లాగండి:

```
=SUM(B2:F2)-G2
=G2+H2+I2-J2
```

రెండూ అన్ని వరుసల్లోనూ సున్నా రావాలి. ఉదాహరణకు ఒక బూత్‌లో షీట్ ప్రకారం ఐదుగురికి 382, 416, 41, 9, 3 ఓట్లు, చెల్లినవి 851, నోటా 8, మొత్తం 859 ఉన్నాయనుకుందాం. 416ని 146గా ఎక్కించి ఉంటే మొదటి సూత్రం ఆ వరుసలో -270 చూపిస్తుంది, మిగతా అన్నిచోట్లా సున్నా. నిలువులో తేడా, అడ్డంలో తేడా ఒకే అంకె అయితే అవి కలిసే గడిలోనే తప్పుంది. కాపీ తీసి ఆ ఒక్క గడి చూస్తే చాలు.

అడ్డ కూడికలన్నీ సున్నా వచ్చి, నిలువులో మాత్రం ఇద్దరు అభ్యర్థులకు ఒకే అంకె ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ వస్తే, ఏదో వరుసలో వాళ్లిద్దరి ఓట్లూ చోటు మారాయి. అన్ని గడుల్లోనూ తేడా వస్తే ఒక వరుస మొత్తం తప్పిపోయింది, లేదా పేజీ చివర వేసిన ఆ పేజీ మొత్తాన్ని కూడా ఒక బూత్‌లా కలిపేశారు. బూత్ నంబరు పక్కన అక్షరంతో ఉండే అనుబంధ బూత్‌లు తేలిగ్గా జారిపోతాయి. కూడడానికి ముందే వరుసల సంఖ్య, పోలింగ్ కేంద్రాల సంఖ్య ఒకటేనా చూసుకోండి.

ఇంతవరకూ చూసింది షీట్ తనలో తాను కుదిరిందా లేదా అన్నది. అందులో ఎక్కిన అంకె అసలు యంత్రంలోని అంకెతో సరిపోయిందా అని తెలియాలంటే ఫారం 17సీ కావాలి. పోలింగ్ ముగిశాక ప్రిసైడింగ్ అధికారి మొదటి భాగం నింపి పోలింగ్ ఏజెంట్లకు కాపీ ఇస్తారు. కౌంటింగ్ రోజున రెండో భాగంలో అభ్యర్థుల వారీ ఓట్లు ఎక్కుతాయి. మొదటి భాగంలో మీకు కావాల్సినవి నాలుగు వరుసలు. రెండో అంశం, ఓటర్ల రిజిస్టర్ (17ఎ) ప్రకారం వచ్చిన ఓటర్లు. మూడోది, రిజిస్టర్లో సంతకం పెట్టి కూడా ఓటేయనని వెనక్కి వెళ్లినవారు. నాలుగోది, పద్ధతి పాటించనందున ప్రిసైడింగ్ అధికారి ఓటు వేయనివ్వనివారు. ఆరోది, యంత్రం చూపించిన మొత్తం. రెండులోంచి మూడు, నాలుగు తీసేస్తే ఆరు రావాలి. మన బూత్‌లో రిజిస్టర్ ప్రకారం 861 మంది వచ్చి, ఇద్దరు ఓటేయకుండా వెళ్లిపోతే యంత్రంలో 859 ఉండాలి. ఫారం 20లో ఆ బూత్ వరుస చివర ఉన్నది కూడా అదే.

రిజిస్టర్ అంకెకూ ఓట్ల అంకెకూ ఒకటి రెండు తేడా రాగానే దొంగ ఓట్లని చాలామంది అనేస్తారు. మూడు, నాలుగు అంశాలు చూడకుండా ఆ మాట అనకూడదు. ఐదో అంశం కూడా చూడాలి. వీవీప్యాట్ చీటీలో వేరే గుర్తు వచ్చిందని ఓటరు ఫిర్యాదు చేస్తే అధికారి ముందు పరీక్ష ఓటు వేయిస్తారు. అది యంత్రం లెక్కలో చేరిపోతుంది, కౌంటింగ్‌లో ఆ అభ్యర్థి ఓట్లలోంచి తీసేయాలి. కాబట్టి ఒక బూత్‌లో చెల్లిన ఓట్లు, నోటా కలిపినా యంత్రం మొత్తానికి ఒకటి తక్కువైతే ముందు ఐదో అంశం చదవండి.

యాభై, అరవై ఓట్లు తేడా వస్తే మాత్రం కథ వేరు. పోలింగ్‌కు ముందు కనీసం 50 ఓట్లతో మాక్ పోల్ చేసి, ఫలితం చూసి, కంట్రోల్ యూనిట్‌ను ఖాళీ చేయాలి. అది మరిచిపోతే ఆ ఓట్లు అసలు ఓట్లతో కలిసిపోయి 17సీతో కుదరదు. ఎన్నికల సంఘం నిబంధన ప్రకారం అలాంటి యంత్రాన్ని కౌంటింగ్‌లో పక్కన పెడతారు. పక్కన పెట్టిన బూత్‌ల్లోని ఓట్ల కంటే గెలుపు తేడా ఎక్కువైతే వాటిని లెక్కించరు. తేడా అంతకు సమానంగానో తక్కువగానో ఉంటే వీవీప్యాట్ చీటీలు లెక్కిస్తారు. మీ షీట్లో మెజారిటీ 3,183. తొమ్మిది వందల ఓట్లున్న ఒక బూత్‌ను ఇలా వదిలేసి ఉంటే, 17సీలన్నీ కూడిన మొత్తం ఫారం 20 కంటే ఆ తొమ్మిది వందలు ఎక్కువ వస్తుంది. మీ ఈవీఎం వరుస ప్రకటించిన 79.60కి సరిపోయింది కాబట్టి మీ దగ్గర అలాంటిది జరిగిన సూచన లేదు.

బూత్ స్థాయిలో పోలింగ్ వంద శాతం దాటినా కంగారు పడకండి. ఎన్నికల విధుల్లో ఉన్నవారు ధ్రువపత్రం చూపించి, తమ పేరు లేని బూత్‌లో కూడా ఓటేయొచ్చు. చిన్న బూత్‌లో ఇలాంటివాళ్లు కొందరు చేరితే ఓటర్ల జాబితా కంటే ఓట్లు ఎక్కువ కావచ్చు. నియోజకవర్గం మొత్తం మీద మాత్రం అలా జరగదు.

ఇదే పద్ధతిని లోక్‌సభ షీట్ మీద వాడాలనుకుంటే ఒకటి మారుతుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఒక్కో లోక్‌సభ స్థానం కింద ఏడు అసెంబ్లీ సెగ్మెంట్లు ఉంటాయి. పోస్టల్ ఓట్లను సెగ్మెంట్లలో లెక్కించరు, లోక్‌సభ స్థానం మొత్తానికి ఒకేచోట లెక్కిస్తారు. ఏడు సెగ్మెంట్లు కూడితే తుది మొత్తం రాదు. పోస్టల్ వరుస కలిపితేనే వస్తుంది. చెల్లని ఓట్లు కూడా ఎక్కువగా అక్కడే కనిపిస్తాయి.

ఓట్ల వాటా శాతంలో కూడా నోటా దగ్గరే తికమక వస్తుంది. ఎన్నికల సంఘం ఫలితాల వెబ్‌సైట్‌లో నోటాను కూడా ఒక వరుసగా చూపి శాతం ఇస్తారు. కాబట్టి మొదటి అభ్యర్థి వాటా అక్కడ 1,70,227 మీద 46.72 అవుతుంది. చెల్లిన ఓట్ల మీదైతే 47.24. డిపాజిట్ లెక్కకు మాత్రం చెల్లిన ఓట్లే ఆధారం. 1,68,367లో ఆరో వంతు, అంటే 28,061 దాటాలి. నోటాను అందులో కలపకూడదు.

మీ ఎక్సెల్‌లో 270 సరిచేశాక కూడా ఏదైనా బూత్‌లో తేడా మిగిలితే, "లెక్క కుదరలేదు" అని మాత్రం రాయకండి. బూత్ నంబరు, ఫారం 20లో ఏ గడి, అందులోని అంకె, 17సీ రెండో భాగంలో అదే అభ్యర్థి అంకె, ఈ నాలుగూ రాసి రిటర్నింగ్ అధికారికి పంపండి. వాటితో అవతలివాళ్లు ఆ ఒక్క కాగితం తీసి చూడగలరు. ఇది కౌంటింగ్ హాల్లో ఉన్న ఏజెంట్‌కు దొరికిన తేడా అయితే సమయం చాలా తక్కువ. అభ్యర్థుల ఓట్లు చదివాక, రిటర్నింగ్ అధికారి ఫారం 20 మీద సంతకం చేసేలోపే రీకౌంటింగ్‌కు కారణాలతో రాతపూర్వకంగా దరఖాస్తు ఇవ్వాలి. సంతకం అయ్యాక దాన్ని తీసుకోరు. ఆ తర్వాత ఫలితాన్నే సవాలు చేయాలంటే హైకోర్టులో ఎన్నికల పిటిషన్ ఒక్కటే దారి, అదీ ఫలితం ప్రకటించిన 45 రోజుల్లోపు.